సర్వే ప్రశ్నలో మొగ్గును పట్టుకోవడం, ప్రశ్నను తిరగరాయడం, తేడాను కొలవడం: సమగ్ర మార్గదర్శి

ఒకే విషయంపై ఒక సర్వే 80 శాతం మద్దతు ఉందని, మరొకటి 40 శాతమే ఉందని చెబితే దేన్ని నమ్మాలని చాలామంది అడుగుతున్నారు. రెండు సర్వేలూ నిజాయితీగా జరిగి ఉండవచ్చు, రెండింటి శాంపిలూ సరిగానే ఉండవచ్చు. తేడా అడిగిన వాక్యంలో ఉండవచ్చు. ఆ వాక్యాన్ని ఎలా పరీక్షించాలో, ఎలా తిరగరాయాలో, తిరగరాసినందువల్ల శాతం ఎంత కదిలిందో ఎలా కొలవాలో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తున్నాను. సర్వే నివేదికలు చదివే విలేఖరులకూ, సొంతంగా ప్రశ్నావళి తయారుచేసే విద్యార్థులకూ, స్వచ్ఛంద సంస్థల వారికీ ఇదే క్రమం సరిపోతుంది.

ముందుగా రెండు మాటలు. జవాబు ఏమిటో తానే అందించే ప్రశ్నను కోర్టుల్లో ‘సూచక ప్రశ్న’ అంటారు, ఇక్కడా ఆ మాటే వాడతాను. ఒక పక్షం వాదనను తనలో దాచుకున్న పదాన్ని ‘రంగు పులిమిన మాట’ అంటాను. ఈ రెండూ వేర్వేరు తప్పులు. కోర్టులో అవతలి పక్షం సాక్షిని అడ్డుపరీక్ష చేసేటప్పుడైనా సూచక ప్రశ్నకు అనుమతి ఉంది గానీ సర్వేలో ఏ దశలోనూ దానికి చోటు లేదు.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

పత్రికలో వచ్చిన శీర్షికను పట్టుకుని పని మొదలుపెట్టకండి. ‘పథకానికి 62 శాతం మద్దతు’ అన్న శీర్షిక వెనుక ‘పథకం గురించి విన్నారా’ అన్న ప్రశ్న ఉండడం నేను చూశాను. ఈ కింది ఐదూ చేతికి వచ్చాకే కూర్చోండి.

- ప్రశ్న పూర్తి పాఠం, అది ఏ భాషలో అడిగారో ఆ భాషలోనే.
- చదివి వినిపించిన జవాబుల జాబితా, అదే వరుసలో.
- ఆ ప్రశ్నకు ముందు అడిగిన మూడు నాలుగు ప్రశ్నలు.
- అడిగిన పద్ధతి: ఇంటికి వెళ్లి, ఫోన్‌లో, లేక ఎవరైనా నింపగలిగే ఆన్‌లైన్ ఫారంలో.
- ‘చెప్పలేను’ అన్నవారి శాతం, వారిని లెక్కలో ఉంచారా తీసేశారా అన్న వివరం.

మొదటి అంశం దగ్గరే మన వాళ్లు ఎక్కువగా పొరబడతారు. జాతీయ స్థాయి సంస్థలు నివేదికలో ఇంగ్లిష్ పాఠమే అచ్చువేస్తాయి, ఊళ్లో సర్వేయర్ మాత్రం తెలుగు పాఠం చదువుతాడు. ఇంగ్లిష్‌లో తటస్థంగా ఉన్న వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ఒక పక్కకు ఒరిగిపోవచ్చు. ఓటరు విన్నది తెలుగు వాక్యం కాబట్టి పరీక్షించవలసింది కూడా దాన్నే.

## 2. ప్రశ్నను ముక్కలు చేయడం

ఒక నిజమైన ప్రశ్నతో మొదలుపెడదాం. 1992లో అమెరికా అధ్యక్ష పదవికి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసిన రాస్ పెరో, 1993 మార్చిలో ‘టీవీ గైడ్’ పత్రికలో ఒక ప్రశ్నావళి అచ్చువేయించి, పాఠకులు నింపి తపాలాలో పంపమన్నారు. అందులో ఒక ప్రశ్న తెలుగులో ఇలా ఉంటుంది: ‘ప్రత్యేక ప్రయోజన వర్గాలు అభ్యర్థులకు భారీ మొత్తాలు ఇచ్చే అవకాశాలన్నింటినీ నిర్మూలించేందుకు చట్టాలు చేయాలా?’ జవాబు పంపినవారిలో 99 శాతం ‘చేయాలి’ అన్నారు.

కాగితం తీసుకుని ఈ వాక్యాన్ని మూడు గళ్లలో రాయండి. మొదటి గడిలో అడుగుతున్న విధానం ఏమిటో రాయండి: ప్రయోజన వర్గాలు ఎన్నికల ప్రచారానికి విరాళాలివ్వడాన్ని చట్టం ద్వారా నిషేధించడం. రెండో గడిలో ఆ విధానానికి అవసరం లేకపోయినా వాక్యంలో చేరిన మాటలు రాయండి: ‘భారీ మొత్తాలు’, ‘అవకాశాలన్నింటినీ’, ‘నిర్మూలించేందుకు’. మూడో గడిలో, ‘వద్దు’ అనే మనిషి ఏ కారణంతో అంటాడో రాయండి: తమకు నచ్చిన అభ్యర్థికి విరాళమిచ్చే హక్కు ఏ వర్గానికైనా ఉంటుందని.

మూడో గడిలో రాసిన మాట ప్రశ్నలో ఎక్కడా లేదని గమనించండి. తప్పంతా రెండో గడిలోని విశేషణాల్లో ఉందని చాలామంది అనుకుని వాటిని మాత్రమే కొట్టేస్తారు. నా అనుభవంలో ఖాళీగా ఉన్న మూడో గడే ఎక్కువ శాతాన్ని కదిలిస్తుంది.

యాంకెలొవిచ్ అనే సర్వే సంస్థ ఈ ప్రశ్ననే తీసుకుని రెండు పనులు చేసింది. మొదట పెరో వాక్యాన్ని మార్చకుండా, దేశమంతటి నుంచీ లాటరీ పద్ధతిలో ఎంచుకున్న శాంపిల్‌ను అడిగితే ‘చేయాలి’ అన్నవారు 80 శాతానికి తగ్గారు. తర్వాత వాక్యాన్ని తిరగరాసి, ‘ప్రయోజన వర్గాలు ప్రచారానికి విరాళాలివ్వడాన్ని నిషేధిస్తూ చట్టాలు చేయాలా, లేక తాము సమర్థించే అభ్యర్థికి విరాళమిచ్చే హక్కు ఆ వర్గాలకు ఉందా?’ అని అడిగితే, నిషేధించాలన్నవారు 40 శాతం, హక్కు ఉందన్నవారు 55 శాతం తేలారు.

ఈ మూడు అంకెల మధ్య మెట్లను విడివిడిగా చదవాలి. 99 నుంచి 80కి పడింది శాంపిల్ మారినందువల్ల, ఎందుకంటే ప్రశ్న అదే. 80 నుంచి 40కి పడింది వాక్యం మారినందువల్ల. పెరో అడిగిన మరో ప్రశ్న, ‘దుబారాను తొలగించేందుకు’ బడ్జెట్‌లో ఒక్కో పద్దును తిరస్కరించే అధికారం అధ్యక్షుడికి ఉండాలా అన్నది. తపాలాలో దానికి 97 శాతం ‘ఉండాలి’ అన్నారు. దుబారా మాట తీసేసి, ‘ఉండాలా, వద్దా’ అని సక్రమమైన శాంపిల్‌ను అడిగితే 57 శాతం వచ్చింది. 97, 57 అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి 40 పాయింట్లూ మాటల మహిమేనని రాయకూడదు, శాంపిల్ కూడా మారింది గనుక. ఈ తప్పును పాఠ్యపుస్తకాలు రాసే స్థాయివారు కూడా చేస్తారు.

## 3. రంగు పులిమిన మాటలను తీసేయడం

ఇప్పుడు రెండో గడిలోని మాటలను ఒక్కొక్కటిగా చూడండి. ప్రతి మాటకూ ఒకే పరీక్ష: ఈ పథకాన్ని సమర్థించే నాయకుడూ, వ్యతిరేకించే నాయకుడూ తమ తమ ప్రసంగాల్లో ఇదే మాట వాడతారా? ఇద్దరూ వాడితే ఉంచండి. ఒక్కరే వాడితే తీసేయండి.

పేరు ఒక్కటే ఎంత పని చేస్తుందో అమెరికాలోని జనరల్ సోషల్ సర్వే చూపింది. ఆ సర్వేలో ప్రభుత్వ ఖర్చు ఎక్కువవుతోందా, తక్కువవుతోందా, సరిపోతోందా అని అడిగేటప్పుడు శాంపిల్‌లో కొందరికి ‘వెల్ఫేర్’ అని, మరికొందరికి ‘పేదలకు సహాయం’ అని చదివారు. 1984 నుంచి 1986 వరకు మూడేళ్లలోనూ ‘వెల్ఫేర్’ మీద ఖర్చు తక్కువవుతోందన్నవారు నాలుగో వంతుకు మించలేదు. ‘పేదలకు సహాయం’ మీద తక్కువవుతోందన్నవారు 60 శాతం దాటారు. అక్కడ ‘వెల్ఫేర్’ అంటే పనిచేయకుండా తినేవారన్న ముద్ర చాలామంది మనసుల్లో ఉంది.

తెలుగులో ఇది తలకిందులుగా ఉంటుంది, అందుకే అనువాదంలో జాగ్రత్త అవసరం. మనకు ‘సంక్షేమం’ మంచి మాట, ప్రభుత్వ శాఖల పేర్లలో ఉన్న మాట. ముద్ర పడింది ‘ఉచితాలు’, ‘తాయిలాలు’, ‘పప్పుబెల్లాల్లా పంచడం’ అన్న మాటల మీద. ఇంగ్లిష్ ప్రశ్నలోని ‘వెల్ఫేర్’ను ‘సంక్షేమం’ అని అనువదిస్తే ప్రశ్న మొగ్గు దిశే మారిపోతుంది. పథకానికి అధికారిక పేరు ఉన్నా అది ఎప్పుడూ తటస్థం కాదు, ఎందుకంటే పేర్లు పెట్టేది ప్రభుత్వాలే. పేరు చెప్పవలసి వస్తే, పథకం ఏమి ఇస్తుందో ఒక్క వాక్యంలో చెప్పి తర్వాత పేరు చెప్పండి.

తెలుగు ప్రశ్నావళిలో ప్రత్యేకంగా వెతకవలసినవి ఇవి.

- వాక్యం చివర ‘కదా’, ‘అంటారా’, ‘న్యాయమేనా’. ‘కొనసాగించాలా’ అన్నదానికీ ‘ఇంకా కొనసాగించాలంటారా’ అన్నదానికీ మధ్య అడిగేవాడి కనుబొమ లేచిన తేడా ఉంది.
- ‘ఇంకా’, ‘సైతం’, ‘మాత్రమే’, ‘కనీసం’ వంటి చిన్న మాటలు. ఇవి దిద్దేవారి కంటికి ఆనవు.
- ఒక నాయకుడి పేరుకు ‘గారు’ తగిలించి, ఇంకొకరికి తగిలించకపోవడం. అందరికీ ఉంచండి, లేదా అందరికీ తీసేయండి.
- ‘ప్రభుత్వం చేసిన అభివృద్ధి’, ‘ప్రభుత్వ వైఫల్యం’. ఇవి తీర్పు ముందే చెప్పేసి ఆపై అభిప్రాయం అడుగుతాయి.

మాటను తీసేయడమంటే విషయాన్ని మసకబార్చడం కాదు. తెలంగాణలో మహిళలకు టికెట్టు డబ్బు లేని ఆర్టీసీ ప్రయాణాన్ని ఊళ్లో అందరూ ‘ఉచిత బస్సు’ అనే అంటారు, కండక్టర్ ‘జీరో టికెట్’ ఇస్తాడు. అక్కడ ‘ఉచిత’ అన్న మాటకు భయపడి ‘ఛార్జీ రాయితీ విధానం’ అని రాస్తే విన్నవారికి అర్థం కాదు. రెండు పక్షాలూ వాడే మాట గనుక ‘ఉచిత బస్సు’ మన పరీక్షలో నెగ్గుతుంది, ‘ఉచితాలు’ అన్న బహువచనం నెగ్గదు.

## 4. రెండో పక్షాన్ని ప్రశ్నలోనే నిలబెట్టడం

ఖాళీగా ఉన్న మూడో గడిని ఇప్పుడు నింపాలి. సమర్థనకూ వ్యతిరేకతకూ ప్రశ్నలో దాదాపు అంతే పొడవు, అంతే మర్యాద ఉండాలి. ‘ఫలానాదాన్ని మీరు అంగీకరిస్తారా?’ అని ఒకవైపే అడిగితే, పెద్దగా ఆలోచన లేనివారు, ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించడం ఇష్టం లేనివారు ‘ఆ’ అనేస్తారు.

స్కాట్లండ్ విడిపోవాలా అన్న 2014 జనాభిప్రాయ సేకరణ కోసం అక్కడి ప్రభుత్వం మొదట ప్రతిపాదించిన ప్రశ్న, ‘స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా?’ బ్రిటన్ ఎన్నికల కమిషన్ దాన్ని సామాన్య ఓటర్లతో పరీక్షించి, ‘అంగీకరిస్తారా’ అన్న మాట జనాన్ని ‘అవును’ వైపు నడిపిస్తోందని 2013 జనవరిలో చెప్పింది. చివరికి బ్యాలెట్ మీద ‘స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అనే అచ్చయింది. 2015లో యూరోపియన్ యూనియన్‌లో బ్రిటన్ కొనసాగింపుపై ప్రశ్న వచ్చినప్పుడు అదే కమిషన్ ఇంకో అడుగు వేసింది. ‘సభ్యదేశంగా కొనసాగాలా?’ అన్న ముసాయిదా చాలదని, ‘కొనసాగాలా, లేక వైదొలగాలా?’ అని రెండూ ఉండాలని చెప్పి, బ్యాలెట్ మీద అవును, కాదు అన్న జవాబులనే తీసివేయించింది.

మీ ప్రశ్నను తిరగరాసేటప్పుడు ఈ రెండో నమూనానే అనుసరించండి. అయితే రెండో పక్షాన్ని బలహీనమైన కారణంతో నిలబెట్టే తప్పు చేయకండి. ‘పేదలకు మేలు జరుగుతుంది కాబట్టి కొనసాగించాలా, లేక ఆటోలవారికి కాస్త ఇబ్బంది కాబట్టి ఆపాలా?’ అన్నది చూపుకు సమానంగా ఉన్నా సమానం కాదు. కారణాలు చేర్చితే రెండువైపులా ఆయా పక్షాలవారే చెప్పే అసలు కారణాన్ని చేర్చండి, లేకపోతే రెండువైపులా మానేయండి. నేనైతే మానేయడానికే మొగ్గుతాను.

## 5. ‘కాదు’, ‘లేదు’, ‘లేదా’

రోపర్ సర్వే సంస్థ 1992లో అమెరికన్లను అడిగిన ప్రశ్న ఈ రంగంలో ఎవరూ మరచిపోరు. ‘యూదులను నాజీలు సామూహికంగా హతమార్చడం అసలు జరగనే లేదన్నది మీకు సాధ్యంగా అనిపిస్తోందా, అసాధ్యంగా అనిపిస్తోందా?’ 22 శాతం ‘సాధ్యమే’ అన్నారు, 12 శాతం తెలియదన్నారు. 1993లో ఈ అంకె బయటికి రాగానే గగ్గోలు పుట్టింది. జరిగిందని నమ్మే మనిషి ‘జరగలేదన్నది అసాధ్యం’ అని రెండు వ్యతిరేకాలను కలిపి చెప్పవలసి రావడమే దీనికి కారణం. 1994లో అదే సంస్థ, ‘జరగలేదేమో అన్నది మీకు సాధ్యంగా అనిపిస్తోందా, లేక జరిగిందని మీకు నిశ్చయమేనా?’ అని తిరిగి అడిగింది. ఈసారి ‘సాధ్యమే’ అన్నవారు ఒక్క శాతం, నిశ్చయంగా జరిగిందన్నవారు 91 శాతం.

తెలుగులో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. ‘లేదా’ అన్న మాట మనకు రెండు పనులు చేస్తుంది: ‘లేక’ అన్న అర్థంలో రెండు మాటలను కలుపుతుంది, వాక్యం చివర వస్తే నిలదీస్తుంది. ‘మీరు ఈ పథకాన్ని సమర్థిస్తున్నారా లేదా?’ అని సర్వేయర్ చదివితే పంచాయితీలో గద్దించినట్టు వినిపిస్తుంది.

నేనే చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక ప్రశ్నావళిలో ‘గత ఆరు నెలల్లో మీకు పింఛను ఏ నెలా ఆగలేదా?’ అని రాశాను. ముందస్తు పరీక్షకు కృష్ణా జిల్లాలో ఒక ఊరు వెళ్లి పక్కన కూర్చుని వింటుంటే, ఒక పెద్దావిడ ‘అవునండీ’ అంది. సర్వేయర్ ‘ఆగింది’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. ‘ఆగిందా అమ్మా?’ అని నేను మళ్లీ అడిగితే, ‘ఆగలేదనే కదండీ చెబుతున్నా’ అంది. వ్యతిరేక ప్రశ్నకు తెలుగువాళ్ల ‘అవును’, మీరన్నది నిజమేనని అర్థం. ఇంకో ఇంట్లో అదే అర్థంతో ‘లేదండీ’ అన్నారు. ఒకే నిజానికి రెండు గళ్లలో టిక్కులు పడ్డాయి.

దిద్దుబాటు సులువు: ప్రశ్నలో క్రియ వ్యతిరేకార్థంలో ఉండకూడదు, జవాబు ‘అవును’, ‘కాదు’ అని కాక పూర్తి మాటగా ఉండాలి. ‘పింఛను ప్రతి నెలా వచ్చిందా, ఏదైనా నెల ఆగిందా?’ అని అడిగి, ‘ప్రతి నెలా వచ్చింది’, ‘ఆగింది’ అన్న గళ్లు ఇవ్వండి.

‘నిషేధించాలా’, ‘అనుమతించాలా’ అన్నవి కూడా ఒకదానికొకటి సరిగ్గా తలకిందులు కావు. 1941లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అడిగితే 62 శాతం అనుమతించకూడదన్నారు. నిషేధించాలా అని అడిగితే 46 శాతమే నిషేధించాలన్నారు. నిషేధం కఠినంగా వినిపించే మాట గనుక కొందరు అంతవరకు పోరు. ఇటువంటి చోట ‘అనుమతించాలా, నిషేధించాలా’ అని రెండూ ఒకే ప్రశ్నలో పెట్టండి.

## 6. జవాబుల జాబితా

ప్రశ్న శుభ్రంగా ఉన్నా జవాబుల్లో మొగ్గు దాగుతుంది. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దుపై ప్రధాని పేరిట ఉన్న మొబైల్ యాప్‌లో జరిగిన అభిప్రాయ సేకరణలో, రద్దు వల్ల స్థిరాస్తి, ఉన్నత విద్య, వైద్యం సామాన్యుడికి అందుబాటులోకి వస్తాయన్న వాక్యానికి ఇచ్చిన జవాబులు మూడు: పూర్తిగా అంగీకరిస్తాను, పాక్షికంగా అంగీకరిస్తాను, చెప్పలేను. అంగీకరించనని చెప్పదలచినవారికి గడే లేదు. పైగా అది యాప్ ఉన్నవారు తమంతట తాము నింపినది, కాబట్టి పెరో తపాలా ప్రశ్నావళిలో ఉన్న శాంపిల్ లోపం కూడా అందులో ఉంది.

సరిచూసుకోండి:

- సమర్థించే గళ్లు ఎన్నో, వ్యతిరేకించే గళ్లు అన్ని ఉన్నాయా.
- ‘చెప్పలేను’ గడి ఉందా. దాన్ని చదివి వినిపిస్తారా, అడిగితేనే రాసుకుంటారా అన్నది ముందే తేల్చారా.
- సగం మందికి జాబితాను కింది నుంచి పైకి చదివే ఏర్పాటు ఉందా.

## 7. సమాచారం చేర్చాలా, వద్దా

ఇది తేలిగ్గా తేలని ప్రశ్న. ప్యూ పరిశోధన సంస్థ 2003 జనవరిలో, సద్దాం హుసేన్ పాలనను అంతం చేయడానికి ఇరాక్‌పై సైనిక చర్యను సమర్థిస్తారా, వ్యతిరేకిస్తారా అని అమెరికన్లను అడిగితే 68 శాతం సమర్థించారు, 25 శాతం వ్యతిరేకించారు. ‘వేలాది అమెరికన్ సైనికులు ప్రాణాలు కోల్పోవడమో గాయపడడమో జరిగినా సరే’ అన్న మాట చేర్చి అడిగితే సమర్థన 43కు పడి, వ్యతిరేకత 48కి పెరిగింది.

ఇందులో ఏది తటస్థం? రెండోది భయపెడుతోందని అనవచ్చు. కానీ మొదటి దానిలోనూ ‘సద్దాం పాలనను అంతం చేయడానికి’ అన్న ప్రయోజనం ఉంది, దాని ఖర్చు మాత్రం లేదు. నేను పాటించే పద్ధతి ఇది: ప్రయోజనం చెబితే ఖర్చూ చెప్పాలి, లేదా రెండూ చెప్పకుండా విధానాన్ని మాత్రమే చెప్పాలి. ఖర్చు చెప్పినప్పుడు మద్దతు ఎంత తగ్గుతుందో తెలుసుకోవాలని ఉంటే, దాన్ని విడి ప్రశ్నగా, మామూలు ప్రశ్న తర్వాత అడగాలి, ముందు కాదు.

వరుస విషయం కూడా ఇక్కడే చూడాలి. ధరలు, నిరుద్యోగం, అవినీతి గురించి మూడు ప్రశ్నలు అడిగాక ‘ప్రభుత్వ పనితీరు ఎలా ఉంది?’ అని అడిగితే, ఆ నాలుగో ప్రశ్నలో ఒక్క అక్షరం తప్పు లేకపోయినా అది సూచక ప్రశ్నే అవుతుంది. మొత్తం పనితీరుపై ప్రశ్నను ప్రశ్నావళిలో మొదటికి తెచ్చేయండి.

## 8. ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా తిరగరాద్దాం

ఇది నేను అభ్యాసం కోసం కూర్చిన ప్రశ్న: ‘ఆర్టీసీని నష్టాల ఊబిలోకి నెట్టి, పన్ను కట్టేవారి సొమ్ముతో ఇస్తున్న ఉచిత బస్సు తాయిలాన్ని ఇంకా కొనసాగించాలంటారా?’ దీనికి అవతలి పక్షం రాసుకునే జంట: ‘పేద మహిళల కాళ్లకు కదలిక నిచ్చిన ఉచిత బస్సును ఆపేయడం న్యాయమేనంటారా?’ రెండింటినీ మూడు గళ్లలో విడగొట్టితే, మొదటి గడిలో రెండింటికీ ఒకే మాట వస్తుంది: పథకం కొనసాగింపు.

మొదటి దిద్దుబాటు: ‘ఊబి’, ‘తాయిలం’, ‘పన్ను కట్టేవారి సొమ్ము’, ‘ఇంకా’, ‘అంటారా’ తీసేశాం. మిగిలింది ‘ఉచిత బస్సు పథకాన్ని కొనసాగించాలా?’ రెండో దిద్దుబాటు: అవతలి పక్షాన్ని చేర్చాం: ‘కొనసాగించాలా, నిలిపివేయాలా?’ మూడో దిద్దుబాటు: 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన ఈ పథకం ఏమిటో తెలియనివారు కూడా ఉంటారు గనుక ఒక వాక్యం ముందు పెట్టాం. పూర్తి పాఠం:

‘తెలంగాణలో మహిళలు ఆర్టీసీకి చెందిన కొన్ని రకాల బస్సుల్లో టికెట్టు డబ్బు చెల్లించకుండా ప్రయాణించే ఉచిత బస్సు పథకం అమలులో ఉంది. మీ అభిప్రాయంలో ఈ పథకాన్ని కొనసాగించాలా, నిలిపివేయాలా?’

‘మార్పులతో కొనసాగించాలి’ అన్న మూడో జవాబు చేర్చాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. చేర్చవచ్చు, కానీ మధ్యలో గడి పెడితే రెండువైపుల నుంచీ జనం అక్కడికి జరుగుతారు. అప్పుడు పాత ప్రశ్నతో పోల్చితే తేడా మాటలు మారినందువల్లనో, గడి పెరిగినందువల్లనో చెప్పలేం. మాటల ప్రభావాన్ని కొలవాలనుకుంటే గళ్ల సంఖ్య రెండు రూపాల్లోనూ ఒకటే ఉండాలి.

## 9. తేడాను కొలవడం: సగం సగం పద్ధతి

తిరగరాసిన ప్రశ్న ఎంత కదిలించిందో తెలుసుకోవాలంటే, ఒకే సర్వేలో, ఒకే రోజుల్లో, సగం మందికి పాత రూపం (క), సగం మందికి కొత్త రూపం (ఖ) చదవాలి. పాత సర్వేను జూన్‌లో, కొత్తదాన్ని సెప్టెంబరులో చేస్తే మధ్యలో జరిగిన రాజకీయమంతా ఆ తేడాలో కలిసిపోతుంది.

1. ట్యాబ్‌లో ప్రశ్నావళి ఉంటే ఏ రూపం రావాలో యాదృచ్ఛికంగా ట్యాబ్‌నే ఎంచనివ్వండి. కాగితమైతే క, ఖ ఫారాలను ముందే కలిపి కట్టలు కట్టి, వరుసలో తీయమనండి.
2. ప్రతి బూత్‌లోనూ, ప్రతి సర్వేయర్ చేతిలోనూ రెండు రూపాలూ ఉండాలి. ఒక బూత్‌కు ఒకే రూపం ఇస్తే మీరు కొలిచేది ఊళ్ల మధ్య తేడా.
3. లెక్క తీసేముందు రెండు సగాల్లో మహిళలు, వయసు, చదువు దాదాపు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. ఒక సగంలో చదువుకున్నవారు చాలా ఎక్కువైతే పంపిణీలో ఎక్కడో పొరపాటు జరిగింది.
4. ‘చెప్పలేను’ను రెండు సగాల్లోనూ ఒకేలా, లెక్కలో ఉంచే చూపండి.

శాంపిల్‌లో వచ్చిన అంకెకు అసలు అంకె అటూఇటూ ఎంత దూరంలో ఉండవచ్చో చెప్పేది పొరపాటు హద్దు. తేడాకు అది ఇలా వస్తుంది. p అంటే నిష్పత్తి, n అంటే ఆ సగంలోని మనుషుల సంఖ్య.

```
1.96 × √( p1(1−p1)/n1 + p2(1−p2)/n2 )
```

లెక్క అర్థం కావడానికి మాత్రమే కొన్ని అంకెలు అనుకుందాం: ఒక్కో సగంలో 500 మంది, క రూపంలో 58 శాతం, ఖ రూపంలో 49 శాతం. తేడా 9 పాయింట్లు, హద్దు సుమారు 6.2. అంటే అసలు తేడా 3 నుంచి 15 పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మాటల ప్రభావం ఉందని చెప్పవచ్చు గానీ, ‘సరిగ్గా 9’ అని చెప్పకూడదు. తేడా 5 పాయింట్లే వచ్చి ఉంటే, వెయ్యిమందిని అడిగినా ఏమీ తేలనట్టే.

వెయ్యిమంది సర్వేకు పొరపాటు హద్దు 3 శాతం అని విని ఉంటారు. దాన్ని ఇక్కడికి తెచ్చి వాడడం చాలా తరచుగా జరిగే తప్పు. సగానికి చీల్చగానే ఒక్కో సగానికి హద్దు 4.4కు పెరుగుతుంది, రెండు సగాల తేడాకు 6.2 అవుతుంది.

## 10. ఎక్కడ తప్పిందో తెలిపే గుర్తులు

క రూపంలో ‘చెప్పలేను’ 4 శాతం ఉండి ఖ రూపంలో 20 అయితే, కొత్త ప్రశ్న అర్థం కాలేదా, లేక పాతది అభిప్రాయం లేనివారి చేత కూడా జవాబు చెప్పించిందా అని చూడాలి. తేల్చడానికి పదిమంది దగ్గర కూర్చుని ‘నేనడిగింది మీ మాటల్లో చెప్పండి’ అని అడగడమే మార్గం. బ్రిటన్ ఎన్నికల కమిషన్ పరీక్షల్లోనూ ఓటర్లతో కూర్చుని మాట్లాడడం ఒక భాగం.

రెండు రూపాల మధ్య తేడా చదువుకున్నవారిలో తక్కువగా, చదువు తక్కువవారిలో ఎక్కువగా ఉంటే, చాలావరకు అది ‘ఆ’ అనేసే అలవాటు ప్రభావం. తేడా ఒక పార్టీ సానుభూతిపరుల్లోనే కనిపిస్తే, ప్రశ్నలో ఆ పార్టీకి సంబంధించిన పేరో గుర్తో మిగిలిపోయి ఉంటుంది. ఒక్క సర్వేయర్ ఫారాల్లో తేడా అసలు కనిపించకపోతే, అతను రెండు రూపాలనూ తన సొంత మాటల్లో ఒకేలా అడుగుతున్నాడేమో వెళ్లి వినండి.

## 11. ఫలితం రాయడం

ప్రశ్న పూర్తి పాఠాన్ని శాతం పక్కనే అచ్చువేయండి, రెండు రూపాల అంకెలనూ ఇవ్వండి. ఖ రూపంలో వచ్చిన అంకెను ‘అసలైన ప్రజాభిప్రాయం’ అనకండి. అది ఎవరూ నెట్టకుండా వచ్చిన అంకె, అంతే. విరాళాల ప్రశ్నలో వచ్చిన 40 కూడా, హక్కు అన్న బలమైన మాట పక్కన నిలబెట్టినప్పుడు వచ్చిన 40. క, ఖ రూపాలు రెండూ దగ్గరదగ్గరగా వచ్చాయంటే జనానికి ఆ విషయంపై గట్టి అభిప్రాయమే ఉంది. ఇరవై, ముప్పై పాయింట్లు ఊగిందంటే చాలామంది అక్కడికక్కడే ఆలోచించి చెప్పారు. నివేదికలో ఆ ఊగిసలాటే వార్త.

ఏళ్ల తరబడి మొగ్గున్న వాక్యంతోనే అడుగుతూ వచ్చిన సర్వే మీ చేతికి వస్తే, ఒక్కసారిగా ప్రశ్న మార్చేయకండి. ఒక విడతలో సగానికి పాత వాక్యం, సగానికి కొత్తది చదవండి. ఆ విడతలో రెండింటి మధ్య వచ్చిన తేడాను దాని హద్దుతో సహా పట్టికలో గుర్తుపెట్టి, తర్వాతి విడత నుంచి కొత్త వాక్యం ఒక్కటే ఉంచండి. పాత వరుసనూ కొత్త వరుసనూ ఒకే గీతగా కలపకుండా, ప్రశ్న మారిన చోట గీతను తెంచి చూపండి.